బండి ఇన్సూరెన్స్ అసలుదా, నకిలీదా? డబ్బు కట్టే ముందు, కట్టాక ఏం చూసుకోవాలి

చాలామంది బండి ఇన్సూరెన్స్‌ను పోలీసులకు చూపించే కాగితంగానే చూస్తారు. ఏడాదికోసారి గడువు గుర్తొస్తుంది. వాట్సాప్‌లో ఎవరో తక్కువకు చేస్తామంటారు, ఆర్సీ ఫొటో పంపితే కాసేపట్లో పీడీఎఫ్ వచ్చేస్తుంది. దాన్ని ఫోన్లో దాచుకుని మళ్లీ ఏడాది దాకా తెరిచి చూడరు. నకిలీ పాలసీ అమ్మేవాడికి కావలసింది సరిగ్గా ఇదే.

బెంగళూరులో ఉండే మనవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. బండి ఏ నెల్లూరులోనో, చిత్తూరులోనో రిజిస్టర్ అయ్యుంటుంది. అక్కడి ఏజెంటు దూరమైపోయాడు, ఇక్కడ తెలిసినవాళ్లు లేరు. అపార్ట్‌మెంట్ గ్రూపులో ఎవరో "మన తెలుగాయనే, రేటు తక్కువ" అని ఒక నంబరు పెడతారు. ఆ పెట్టినాయన కూడా పాలసీని ఎప్పుడూ సరిచూసుకుని ఉండడు, మంచి మనసుతోనే పంపిస్తాడు.

అన్ని రకాల ఇన్సూరెన్స్ గురించీ కాకుండా మోటార్ పాలసీ ఒక్కదాని గురించే ఇక్కడ రాస్తున్నాను. అందులోనూ ముఖ్యంగా థర్డ్ పార్టీ కవర్ గురించి, అంటే మీ బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి కంపెనీ కట్టే భాగం గురించి. మోసం తేలిగ్గా జరిగేదీ అక్కడే, కచ్చితంగా పట్టుకోగలిగేదీ అక్కడే.

ముందు నకిలీ ఎలా తయారవుతుందో తెలియాలి

తేలికైన పద్ధతి ఎవరిదో అసలు పాలసీ పీడీఎఫ్ తీసుకుని పేరు, బండి నంబరు, తేదీలు మార్చేయడం. ఆ పాలసీ నంబరు కంపెనీ రికార్డుల్లో వేరే మనిషి పేరు మీద ఉంటుంది, లేదా అసలు ఉండనే ఉండదు. ఇలాంటిది కాస్త వెతికితే దొరికిపోతుంది.

రెండోది చాలా ప్రమాదకరం. ఇందులో అమ్మేవాడు నిజమైన కంపెనీ వెబ్‌సైటులో, నిజంగానే పాలసీ కొంటాడు. మీ కారు నంబరే ఇస్తాడు. కానీ వాహనం రకం దగ్గర కారు బదులు టూవీలర్ అని పెడతాడు. స్కూటర్ ప్రీమియం కారు ప్రీమియం కంటే చాలా తక్కువ. పాలసీ వచ్చాక పీడీఎఫ్‌లో స్కూటర్ మోడల్ తీసేసి మీ కారు మోడల్, కారు ప్రీమియం దిద్ది పంపిస్తాడు. ఇప్పుడు పాలసీ నంబరు నిజం, కంపెనీ నిజం, గడువు తేదీ నిజం. ప్రభుత్వ రికార్డులో కూడా మీ కారు నంబరుకు ఇన్సూరెన్స్ ఉన్నట్టే చూపిస్తుంది. ట్రాఫిక్ పోలీసులు చెక్ చేసినా ఏమీ అనరు. బయటపడేది యాక్సిడెంట్ అయ్యాకే. నంబరు కొట్టగానే ప్రభుత్వ వాహనాల రికార్డు అయిన వాహన్ నుంచి బండి వివరాలు వాటంతటవే వచ్చే సైట్లలో ఈ ఆట సాగడం కష్టం. వివరాలు చేత్తో నింపే వీలున్న చోట మాత్రం సాగుతుంది.

మూడోది కొటేషన్ కాగితాన్నే పాలసీ అని అంటగట్టడం. పైన Quotation అనో Proposal అనో ఉన్న పేజీని కత్తిరించి పంపిస్తారు. డబ్బు కంపెనీకి చేరనే చేరదు.

యాక్సిడెంట్ అయ్యాక బయటపడితే ఏమవుతుంది? మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ప్రకారం థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి. లేకుండా నడిపితే మొదటిసారి 2,000 రూపాయల జరిమానా, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. కానీ అసలు దెబ్బ అది కాదు. మీ బండి తగిలి ఎవరైనా చనిపోతే, లేదా కాలు పోతే, ట్రిబ్యునల్ వేసే నష్టపరిహారానికి పై పరిమితి లేదు. అసలైన పాలసీ ఉంటే అది కంపెనీ కడుతుంది. పాలసీ నకిలీదని కంపెనీ రుజువు చేస్తే ఆ భారం బండి ఓనరు మీద పడుతుంది. మీరు మోసపోయారన్నది నిజమే అయినా, గాయపడ్డ మనిషికి ఇవ్వాల్సిన డబ్బు దానివల్ల తగ్గదు.

మొదటి మెట్టు: రేటు చూడండి

థర్డ్ పార్టీ ప్రీమియాన్ని కంపెనీలు నిర్ణయించవు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ నోటిఫై చేస్తుంది, దేశమంతా అన్ని కంపెనీలకూ ఒకటే రేటు. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన నోటిఫికేషన్ ప్రకారం కారు 1,000 సీసీ లోపు అయితే ఏడాదికి 2,094 రూపాయలు, 1,000 నుంచి 1,500 సీసీ అయితే 3,416, ఆ పైన 7,897. బైకు 75 నుంచి 150 సీసీ అయితే 714, 150 నుంచి 350 సీసీ అయితే 1,366. వీటి మీద 18 శాతం జీఎస్టీ. ఎలక్ట్రిక్ బండ్లకు 15 శాతం తగ్గింపు కూడా ఆ నోటిఫికేషన్‌లోనే ఉంది, అమ్మేవాడు దయతలచి ఇచ్చేది కాదు.

ఈ అంకెలు గుర్తుపెట్టుకోనక్కర్లేదు, ప్రభుత్వం సవరిస్తే మారతాయి కూడా. రెండు వేర్వేరు కంపెనీల వెబ్‌సైట్లలో మీ బండి నంబరు కొట్టి కొటేషన్ తీసుకోండి. రెండింట్లోనూ థర్డ్ పార్టీ అన్న గడిలో ఒకే అంకె వస్తుంది. ఇంకెవరైనా దానికంటే తక్కువ చెప్పారంటే అక్కడితో మాట ఆపేయవచ్చు. మీ సొంత బండికి జరిగే నష్టానికి ఉండే ఓన్ డ్యామేజ్ భాగం వేరే. దానికి కంపెనీ కంపెనీకీ రేటు మారుతుంది, పెద్ద డిస్కౌంట్లు కూడా నిజంగానే ఉంటాయి. కాబట్టి మొత్తం ప్రీమియం చూసి తీర్పు చెప్పకండి, థర్డ్ పార్టీ గడి ఒక్కటే చూడండి.

మా పిన్ని కొడుకు కేఆర్ పురంలో ఉంటాడు. ఏపీ రిజిస్ట్రేషన్ ఉన్న సెకండ్ హ్యాండ్ కారు, 1,197 సీసీ పెట్రోల్. గడువు దగ్గరపడితే వాట్సాప్‌లో ఒకతనితో థర్డ్ పార్టీ పాలసీ చేయించాడు. ఫోన్లో ఇలా అడిగాడు:

"అన్నా, మొత్తం రెండు వేల రెండొందలకే చేసిచ్చాడు. పీడీఎఫ్ కూడా వచ్చింది. ఒకసారి చూస్తావా?"

పీడీఎఫ్ తెరిస్తే ప్రీమియం పట్టికలో థర్డ్ పార్టీ 3,416 అని ఉంది, జీఎస్టీ 614.88, మొత్తం 4,031. లెక్క తప్పు లేదు. కానీ మా వాడు కట్టింది 2,200. అంటే కాగితం చెప్పే ప్రకారం కంపెనీకి 4,031 రూపాయలు చేరాలి. మిగతా 1,831 ఎవరు కట్టారు?

"ఏజెంటు కమీషన్ వదులుకున్నాడట అన్నా" అన్నాడు.

ఏజెంట్లు అలా కమీషన్‌లో వాటా ఇవ్వడం ఇన్సూరెన్స్ చట్టం 41వ సెక్షన్ కింద నిషేధం. అది పక్కన పెట్టినా, థర్డ్ పార్టీ పాలసీ మీద దాదాపు సగం ప్రీమియం వదులుకునేంత కమీషన్ ఏ ఏజెంటుకూ రాదు. అదే నంబరు మీద 110 సీసీ స్కూటర్ పాలసీ తీస్తే 714, జీఎస్టీ కలిపి 843 రూపాయలు. 2,200లో అది పోను 1,357 మిగులుతుంది. ఈ లెక్క ఒక్కటే అనుమానానికి చాలు. రుజువు మాత్రం కాదు.

రెండో మెట్టు: డబ్బు ఎవరికి వెళ్తోంది

యూపీఐలో పిన్ కొట్టే ముందు తెర మీద ఒక పేరు వస్తుంది. అక్కడ ఇన్సూరెన్స్ కంపెనీ పేరో, లైసెన్సు ఉన్న బ్రోకింగ్ కంపెనీ పేరో ఉండాలి. ఒక మనిషి పేరు వస్తే ఆగిపోండి. "కంపెనీకి డైరెక్టుగా కడితే డిస్కౌంట్ పోతుంది సార్, నాకు వేయండి, నేను కట్టేస్తాను" అనే మాట అసలు ఏజెంట్లకు అవసరమే రాదు. వాళ్లు కంపెనీ పోర్టల్ నుంచే మీ ఫోన్‌కు పేమెంట్ లింక్ పంపగలరు. ఆ లింక్ తెరిస్తే మీ పేరు, బండి నంబరు, మోడల్, వాహనం రకం కనిపిస్తాయి. టూవీలర్ మోసం ఈ పేజీలోనే దొరికిపోతుంది, అందుకే మోసగాడు మీకు లింక్ ఇవ్వడు.

లింక్ వచ్చినా అడ్రసు చదవండి. https:// తర్వాత వచ్చే మొదటి / గుర్తు దాకా మాత్రమే చూడండి, ఆ భాగం చివర ఉండే .com, .in లేదా .co.in కు సరిగ్గా ముందున్న మాటే ఆ సైటు అసలు పేరు. కంపెనీ పేరు అంతకంటే ముందెక్కడో ఉండి, చివర్లో renew-offer.in లాంటిది ఉంటే అది కంపెనీది కాదు. గూగుల్‌లో పైన వచ్చే ప్రకటనల లింకులు నొక్కకుండా, బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ సైటు irdai.gov.in లో ఉన్న కంపెనీల జాబితా నుంచి పేరు తీసుకుని, కంపెనీ సైటుకు మీరే వెళ్లడం మంచిది. బ్రోకర్లు, వెబ్ అగ్రిగేటర్ల జాబితాలు కూడా అక్కడే ఉంటాయి. విడి ఏజెంటు అయితే ఏ కంపెనీకి, ఏజెంటు కోడ్ ఎంత అని అడిగి, కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి ఆ కోడ్ నిజమా అని కనుక్కోండి. కోడ్ చెప్పడానికి అసలు ఏజెంటు ఎప్పుడూ మొహమాటపడడు.

కేవైసీ కూడా గమనించండి. 2023 జనవరి నుంచి మోటార్ పాలసీలకూ కేవైసీ తప్పనిసరి, పాన్ లేదా ఆధార్ వివరాలు అడగాలి. ఆర్సీ ఫొటో ఒక్కటే తీసుకుని ఏమీ అడగకుండా పాలసీ ఇచ్చాడంటే ఎవరి కేవైసీ వాడాడో మీకు తెలియదు. అలాగని పాన్, ఆధార్ ఫొటోలు వాట్సాప్‌లో పంపేయకండి. కంపెనీ పేజీలో మీరే నింపండి.

ఇంకో మాట. గడువు దాటిపోయినవాళ్లతో "పాత తేదీ వేయిస్తాను, గ్యాప్ కనపడదు" అంటుంటారు. ఇన్సూరెన్స్ చట్టం 64వీబీ సెక్షన్ ప్రకారం ప్రీమియం ముందు అందితేనే కవర్ మొదలవుతుంది. డబ్బు కట్టిన రోజు కంటే ముందు తేదీ నుంచి మొదలయ్యే పాలసీ ఏ కంపెనీ దగ్గరా దొరకదు. ఆ మాట అన్నవాడి దగ్గర ఇక అడగాల్సింది ఏమీ లేదు.

మూడో మెట్టు: పీడీఎఫ్‌లో ఏం చూడాలి, ఏం చూడక్కర్లేదు

లోగో, కంపెనీ రిజిస్ట్రేషన్ నంబరు, పాలసీ యూఐఎన్, కింద ఉన్న సంతకం బొమ్మ, వీటి మీద టైం వృథా చేయకండి. నకిలీ కాగితం అసలు కాగితం మీదే తయారవుతుంది కాబట్టి అవన్నీ సరిగ్గానే ఉంటాయి.

చూడాల్సింది దిద్దిన చోట్లు. మా వాడి పీడీఎఫ్‌ను కంప్యూటర్లో పెద్దది చేసి చూస్తే, కారు మోడల్ ఉన్న గడిలో అక్షరాలు పక్క గడి అక్షరాల కంటే కాస్త సన్నగా ఉన్నాయి, గీతకు రవ్వంత పైకి జరిగి ఉన్నాయి. క్యూబిక్ కెపాసిటీ 1197 అని దిద్దారు. కానీ రెండో పేజీలో కవర్ వివరాల దగ్గర ఒక చిన్న వాక్యం మార్చడం మరచిపోయారు, అక్కడ Two Wheeler అనే ఉంది. మొదటి పేజీ దిద్దినవాళ్లు చివరి పేజీల దాకా ఓపిగ్గా వెళ్లరు. కాబట్టి చివరి పేజీ దాకా, షరతులతో సహా చదవండి.

కంప్యూటర్లో అడోబ్ రీడర్ ఉంటే ఇంకో రెండు చూడొచ్చు. చాలా కంపెనీల పాలసీల మీద డిజిటల్ సంతకం ఉంటుంది. ఫైలును తర్వాత మారిస్తే సంతకం చెల్లదని రీడర్ చెబుతుంది. ఊరికే Validity unknown అని వస్తే కంగారు పడకండి, మీ కంప్యూటర్ ఆ సంతకం ఇచ్చిన సంస్థను గుర్తించలేదని మాత్రమే దాని అర్థం. సంతకం తర్వాత పత్రం మారిందని వస్తేనే సమస్య. రెండోది File మెనూలో Properties. అక్కడ ఏదైనా పీడీఎఫ్ ఎడిటర్ పేరు, తయారైన టైం తర్వాత ఇంకో Modified టైం కనపడితే ఎవరో చెయ్యి పెట్టారేమోనని అనుమానించాలి. అసలు పాలసీనే ఎవరైనా ప్రింట్ తీసి స్కాన్ చేసి పంపితే ఈ రెండూ పనికిరావు. అందుకే పీడీఎఫ్ ఎంత బాగున్నా దాన్నే ఆఖరి మాటగా తీసుకోవద్దు.

పాలసీ మీద క్యూఆర్ కోడ్ ఉంటే స్కాన్ చేయండి. తెరుచుకున్న పేజీ అడ్రసు కంపెనీదే కావాలి, అందులో వచ్చిన వివరాలు కాగితంతో కలవాలి. కోడ్‌ను కూడా మార్చి సొంత పేజీకి మళ్లించడం కష్టమైన పనేమీ కాదు, అందుకే ముందు అడ్రసు చూడమంటున్నాను.

నాలుగో మెట్టు: mParivahan ఏం చెబుతుంది, ఏం చెప్పదు

mParivahan యాప్‌లో మీ మొబైల్ నంబరుతో లాగిన్ అయి బండి నంబరు కొడితే ఆర్సీ వివరాల కింద ఇన్సూరెన్స్ కంపెనీ పేరు, గడువు తేదీ వస్తాయి. parivahan.gov.in లో కూడా ఇదే దొరుకుతుంది. కంపెనీ పేరు, తేదీ కాగితంతో కలవకపోతే మొదటి రకం నకిలీ దాదాపు తేలిపోయినట్టే. కొత్త పాలసీ అయితే రికార్డులోకి ఎక్కడానికి కొన్ని రోజులు పట్టవచ్చు, ఆలోగా పాత తేదీయే కనపడుతుంది. తెలంగాణ చాలాకాలం వాహన్‌లో చేరకుండా సొంత పద్ధతిలో నడిచింది. కాబట్టి టీఎస్ బండికి రికార్డు దొరకలేదంటే అదొక్కటే పాలసీ నకిలీదనడానికి రుజువు కాదు.

అసలు ఇబ్బంది ఎక్కడంటే, ఈ యాప్‌లో అంతా సరిగ్గా ఉందని చూసి జనం ఆగిపోతారు. మా వాడి కారుకు కూడా కంపెనీ పేరు, గడువు అన్నీ కలిశాయి. ఆ నంబరు మీద ఒక పాలసీ ఉందనే యాప్ చెబుతుంది. ఆ పాలసీ కారుకా స్కూటర్‌కా అన్నది అందులో రాదు. ఇన్సూరెన్స్ ఇన్ఫర్మేషన్ బ్యూరో సైటు iib.gov.in లో వి-సేవ అనే సదుపాయం ఉంది, బండి నంబరుతో పాలసీ వెతకొచ్చు. అది ముఖ్యంగా యాక్సిడెంట్‌లో దెబ్బతిన్నవాళ్లు ఎదుటి బండి కంపెనీని కనుక్కోవడానికి పెట్టింది. సమాచారం అందులోకి ఆలస్యంగా చేరుతుంది కాబట్టి నిన్న కొన్న పాలసీకి అంతగా పనికిరాదు.

ఐదో మెట్టు: కంపెనీ రికార్డు

ఆఖరి మాట కంపెనీ దగ్గర ఉన్న రికార్డుదే. దాన్ని చూడటానికి సులువైన దారి, కంపెనీ సైటులోకి మీరే వెళ్లి పాలసీ కొత్త కాపీ డౌన్‌లోడ్ చేసుకోవడం. పాలసీ నంబరు, బండి నంబరు అడుగుతుంది, మొబైల్‌కు ఓటీపీ వస్తుంది. ఆ ఓటీపీ మీ ఫోన్‌కు రాకపోతే పాలసీలో వేరే నంబరు ఉందన్నమాట. ఇది పెద్ద గుర్తు. అమ్మేవాడు తన నంబరు, తన ఈమెయిల్ పెట్టుకుంటాడు, అసలు పాలసీ మీకు నేరుగా రాకుండా ఉండటానికి. కాపీ దొరికితే వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్ పక్కన పెట్టి గడి గడికీ పోల్చండి. ఇక వేరే పరీక్ష అక్కర్లేదు.

ఓటీపీ రాకపోతే కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయండి. నంబరు మాత్రం పీడీఎఫ్‌లోంచి తీసుకోకండి, దాన్ని కూడా మార్చి ఉండొచ్చు. కంపెనీ సైటు నుంచి తీసుకోండి. "నా పాలసీ ఉందా" అని అడిగితే ఉందనే చెబుతారు, పేరూ తేదీలూ చదివి పెట్టేస్తారు. అలా కాకుండా ఇవి అడగాలి: పాలసీ ఏ రకం వాహనానికి ఇచ్చారు, మేక్, మోడల్ ఏంటి, ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరులో చివరి అంకెలు ఏంటి, ఎంత ప్రీమియం అందింది, పాలసీ ఇప్పుడు అమల్లో ఉందా, క్యాన్సిల్ అయిందా. వివరాలు ఫోన్లో చెప్పలేమంటే, మీ ఆర్సీలో ఉన్నవి మీరు చదివి కలిశాయో లేదో చెప్పమనండి.

మా వాడు స్పీకర్ ఆన్ చేసి అలాగే అడిగాడు. అవతలి అమ్మాయి కాసేపు వెతికి, "సార్, ఈ పాలసీ టూవీలర్ ప్రొడక్ట్ కింద ఉంది. మీరు కారు అంటున్నారు కదా?" అంది. ప్రీమియం 843. మొబైల్ నంబరు వాడిది కాదు. అక్కడితో అనుమానం పోయి రుజువు చేతికొచ్చింది.

ఫోన్ మాటతో ఆగకండి. కంపెనీ కస్టమర్ కేర్ ఈమెయిల్‌కు పీడీఎఫ్, ఆర్సీ జతచేసి, ఈ పాలసీ ఈ వాహనానికి మీరే ఇచ్చారో లేదో రాతపూర్వకంగా చెప్పండని రాయండి. ఆ జవాబు పోలీసు కంప్లయింట్‌కు పనికొస్తుంది. ఈమెయిల్ తిప్పలు పడలేని పెద్దవాళ్లయితే ఆ కంపెనీ బ్రాంచికి ఆర్సీ, ప్రింటు పట్టుకెళ్లి అడగవచ్చు.

నకిలీ అని తేలితే

ముందు బండి తీయడం ఆపండి. ఆ రోజే కంపెనీ సైటులో అసలు థర్డ్ పార్టీ పాలసీ కొనండి. కంప్లయింట్ తర్వాత ఇవ్వొచ్చు, కవర్ లేకుండా రోడ్డెక్కకూడదు. థర్డ్ పార్టీకి బండి ఇన్‌స్పెక్షన్ అవసరం ఉండదు. ఓన్ డ్యామేజ్ కూడా కావాలంటే, గడువు తెగిపోయినట్టు లెక్క కాబట్టి, వీడియో తీసి పంపమంటారు లేదా మనిషిని పంపుతారు. అదే నంబరు మీద ఇప్పటికే పాలసీ ఉందని సైటు అడ్డుపడితే కస్టమర్ కేర్‌కు జరిగింది చెప్పండి. తప్పుడు పాలసీ గురించి రాసిన ఈమెయిల్ అప్పుడు అక్కరకొస్తుంది.

తర్వాత 1930కి ఫోన్ చేయండి, లేదా cybercrime.gov.in లో నమోదు చేయండి. డబ్బు కట్టి గంటలే అయితే ఇదే మొదటి పని, ఎందుకంటే అవతలి అకౌంట్లో డబ్బు ఉండగానే ఆపగలిగితేనే తిరిగొచ్చే అవకాశం. యూపీఐ లావాదేవీ యూటీఆర్ నంబరు, ఎవరి పేరుకు వెళ్లింది, ఫోన్ నంబరు, చాట్ మొత్తం దగ్గర పెట్టుకోండి. కోపంలో చాట్ డిలీట్ చేయకండి, అవతలివాడితో గొడవ పడి జాగ్రత్తపడే టైం ఇవ్వకండి. బెంగళూరులో పోలీసు డివిజన్లలో సెన్ స్టేషన్లు ఉన్నాయి, సైబర్ నేరాల కేసులు చూసేది అవే. కన్నడ రాదని వెనకాడక్కర్లేదు, కంప్లయింట్ ఇంగ్లిషులో రాసివ్వొచ్చు.

బీమా నియంత్రణ సంస్థ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలన్నది చాలామందికి స్పష్టంగా ఉండదు. అమ్మినవాడు ఆ కంపెనీ అసలు ఏజెంటో, లైసెన్సు ఉన్న బ్రోకరో అయితే ముందు కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి రాయండి. అక్కడ పరిష్కారం రాకపోతే bimabharosa.irdai.gov.in లో ఫిర్యాదు చేయండి, 155255కి ఫోన్ కూడా చేయవచ్చు. ఆ తర్వాత ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉంది, బెంగళూరు ఆఫీసు జేపీ నగర్‌లోని జీవన్ సౌధ బిల్డింగ్‌లో ఉంది. అమ్మినవాడికి ఏ లైసెన్సూ లేకపోతే అది పూర్తిగా పోలీసు కేసు. అంబుడ్స్‌మన్ వినేది కంపెనీలు, వాటి ఏజెంట్లు, బ్రోకర్ల మీద ఫిర్యాదులే, దారినపోయే మోసగాడి మీద కాదు. ఇంకోటి, ఐఆర్‌డీఏఐ నుంచి మాట్లాడుతున్నాం, మీ డబ్బు తిరిగి ఇప్పిస్తాం, ముందు ఫీజు కట్టండి అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి. ఆ సంస్థ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది కాబట్టి అటువైపు నుంచి తెలుగు వినపడితే నమ్మాలనిపిస్తుంది. అది పాలసీలు అమ్మదు, బోనస్‌లు పంచదు, ఫీజు వసూలు చేసి డబ్బు ఇప్పించదు.

సెకండ్ హ్యాండ్ బండి కొంటే

పాత ఓనరు "ఇన్సూరెన్స్ ఇంకా ఎనిమిది నెలలు ఉందండీ" అంటాడు. ఆయనకే అది నకిలీదని తెలియకపోవచ్చు. అడ్వాన్స్ ఇచ్చే ముందు ఆయన ఫోన్ నుంచే కంపెనీ సైటులో పాలసీ డౌన్‌లోడ్ చేయించండి, ఓటీపీ ఆయనకే వస్తుంది కాబట్టి ఐదు నిమిషాల పని. చేయించనంటే పాలసీ లేదనుకునే బండి ధర మాట్లాడండి, కొత్త పాలసీ ఖర్చు అందులో తగ్గించుకోండి. బండి మీ పేరుకు మారిన 14 రోజుల్లోగా పాలసీ కూడా మీ పేరుకు మార్చమని కంపెనీకి దరఖాస్తు పెట్టుకోవాలి. దాన్ని మధ్యవర్తికి వదిలేయకుండా మీరే కంపెనీకి పంపండి. కొత్త ఆర్సీతో పోల్చి చూశాకే వాళ్లు పేరు మారుస్తారు. ఇంజిన్, ఛాసిస్ నంబర్లు కలవకపోతే అప్పుడే చెప్పేస్తారు.